పోస్టులో పోయిన చెక్కుకు స్టాప్ పేమెంట్ కోరుతూ బ్యాంకుకు లేఖ

విశాఖపట్నం,
09-02-2026, సోమవారం.

బ్రాంచి మేనేజర్ గారికి,
ఎం.వి.పి. కాలనీ శాఖ,
విశాఖపట్నం - 530017.

విషయం: పోస్టులో పోయిన చెక్కు నంబరు 000417 (రూ. 48,500) చెల్లింపు వెంటనే ఆపవలసిందిగా వినతి.

అయ్యా,

మీ శాఖలో నాకూ, నా భార్య కె. సుజాతకూ కలిపి సేవింగ్స్ ఖాతా ఉంది. ఖాతా నంబరు 30417002816. ఇద్దరిలో ఎవరు సంతకం చేసినా చెల్లే ఖాతా ఇది. అయినా తర్వాత ప్రశ్నలు రాకుండా ఈ లేఖ మీద ఇద్దరం సంతకం చేస్తున్నాం.

ఈ ఖాతా నుంచి ఇచ్చిన ఒక చెక్కు పోస్టులో పోయింది. దాని వివరాలు:

చెక్కు నంబరు: 000417
చెక్కు మీది తేదీ: 27-01-2026
మొత్తం: రూ. 48,500 (అక్షరాలా నలభై ఎనిమిది వేల ఐదు వందల రూపాయలు మాత్రమే)
ఎవరి పేరున: ఆర్. వెంకటరమణ
సంతకం చేసినది: కె. సూర్యనారాయణ

పాలకొండ దగ్గర మా ఊళ్లో పాత ఇంటి తలుపులు, కిటికీలు మార్పిస్తున్నాం. ఆ కలప తాలూకు డబ్బు కోసం ఈ చెక్కు రాసి, జనవరి 28న స్పీడ్ పోస్టులో పంపాను. మామూలుగా రెండు మూడు రోజుల్లో అందాల్సిన కవరు ఇప్పటికీ చేరలేదు. నిన్న సాయంత్రం వెంకటరమణ గారే ఫోన్ చేసి, చెక్కు తనకు రాలేదని చెప్పారు. పోస్టాఫీసులో ఫిర్యాదు ఇచ్చాను, కానీ కవరు ఎక్కడుందో తేలేదాకా ఆగితే ఈలోగా ఎవరైనా దాన్ని వేసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. నిన్న ఆదివారం కావడంతో ఈ ఉదయం స్వయంగా వచ్చి ఈ లేఖ ఇస్తున్నాను.

చెక్కుకు రెండు గీతలు గీసి 'అకౌంట్ పేయీ' అని రాశాను కాబట్టి కౌంటర్ దగ్గర నగదు తీసుకోవడం కుదరదు. కానీ వెంకటరమణ పేరున్నవాళ్లు మన జిల్లాల్లో వీధికొకరు ఉంటారు. పైగా 2025 అక్టోబరు 4 నుంచి కొత్త క్లియరింగ్ పద్ధతి వచ్చాక, ఉదయం వేసిన చెక్కు సాయంత్రానికల్లా పాసైపోతోంది. మొత్తం యాభై వేల లోపే కాబట్టి పాజిటివ్ పే కింద వివరాలేవీ ముందుగా ఇవ్వలేదు. అందుకని ఈ లేఖ అందగానే, వీలైతే నేను కౌంటర్ దగ్గర ఉండగానే, సిస్టంలో స్టాప్ పేమెంట్ ఎక్కించమని కోరుతున్నాను. నిన్న రాత్రి మినీ స్టేట్‌మెంట్ చూసేసరికి ఈ చెక్కు తాలూకు డెబిట్ లేదు. ఈ ఉదయం క్లియరింగ్‌లో వచ్చిందేమో ముందుగా చూడండి.

ఖాతాలో డబ్బు లేక ఈ చెక్కు ఆపమనడం లేదు. చెక్కు మొత్తానికి మించే నిల్వ ఉంది. ఒకవేళ ఎవరైనా చెక్కు వేస్తే, 'ఖాతాదారు చెల్లింపు ఆపించారు' అన్న కారణంతోనే తిప్పి పంపండి. 'నిల్వ చాలలేదు' అని పొరపాటున పడితే లేనిపోని చిక్కులు. వెంకటరమణ గారికి ఇవ్వాల్సిన బాకీ అలాగే ఉంది. స్టాప్ పేమెంట్ నమోదైనట్టు మీ నుంచి తెలియగానే ఆ డబ్బు ఆయన ఖాతాకు నెఫ్ట్ ద్వారా పంపుతాను. పాత కవరు ఎప్పుడైనా అందితే చెక్కు బ్యాంకులో వేయకుండా నాకు తిరిగి ఇస్తానని ఆయన రాసిచ్చారు. వాట్సాప్‌లో పంపిన ఆ కాగితం ప్రింటు జత చేశాను.

మరొక్క మాట. ఆపాల్సింది 000417 ఒక్కటే. దాని తర్వాతి చెక్కు, 000418, మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కోసం ఇచ్చాను. అది ఈ వారంలోనే రావచ్చు, దాన్ని యథావిధిగా పాస్ చేయండి. చెక్ బుక్ మొత్తాన్ని ఆపవద్దు.

చెక్కు గడువు మూడు నెలలు, అంటే ఏప్రిల్ చివరి వారం దాకా ఉంది. కనీసం అప్పటిదాకా స్టాప్ పేమెంట్ కొనసాగించండి. మా ఇద్దరి సంతకాలతో రాతపూర్వకంగా అడిగితే తప్ప, ఫోన్‌లో ఎవరు చెప్పినా ఎత్తివేయవద్దు. చెక్కు దొరికితే తెచ్చి మీకే అప్పగిస్తాను. దీనికి అయ్యే చార్జీ, జీఎస్టీతో సహా, ఇదే ఖాతా నుంచి తీసుకోవచ్చు.

ఈ లేఖ రెండో ప్రతి మీద బ్యాంకు ముద్ర, సంతకం, తేదీతో పాటు అందిన సమయం కూడా వేసి ఇప్పించగలరు. స్టాప్ పేమెంట్ నమోదు నంబరు మీ రికార్డులో ఉన్న నా మొబైల్‌కు మెసేజ్‌గా వస్తే చాలు.

ఇట్లు,
భవదీయులు,

(సం.) కె. సూర్యనారాయణ
(సం.) కె. సుజాత

జతపరచినవి: స్పీడ్ పోస్టు రసీదు జిరాక్స్, పోస్టాఫీసు ఫిర్యాదు రసీదు జిరాక్స్, వెంకటరమణ గారు రాసిచ్చిన కాగితం ప్రింటు, పాస్ బుక్ మొదటి పేజీ జిరాక్స్, ఇద్దరి ఆధార్ జిరాక్స్‌లు.