చెయ్యెత్తే ముందు, సంతకం పెట్టే ముందు

పెద్దలకు, అమ్మలకు, అక్కలకు, తమ్ముళ్ళకు నమస్కారం. వాన పడుతున్నా ఇంతమంది వచ్చారు. పోయిన సెప్టెంబర్‌లో ఇదే హాల్లో జరిగిన మన కాలనీ సహకార సంఘం జనరల్ బాడీకి, అంటే సభ్యులందరి సమావేశానికి, 212 మంది సభ్యుల్లో 31 మందే సంతకం పెట్టారు. ఇవాళ నా లెక్క ప్రకారం అంతకు రెండింతలు ఉన్నారు. ఈ హాలుపైన ఇంకో అంతస్తు కోసం తలా నలభై వేలు కట్టమని వచ్చిన నోటీసుకు ఉన్న మహిమ అది!

నేను సహకార శాఖలో 29 ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ భాగం ఆడిట్ పనే. నన్ను పిలిచింది మన సభ్యులు కొందరు. ప్రెసిడెంటు గారు, సెక్రటరీ గారు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు, సంతోషం. ఆ అంతస్తు వెయ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం. కాంట్రాక్టరు ఎవరి చుట్టమన్న సంగతీ నేను మాట్లాడను. ఆ నిర్ణయం ఎలా జరిగింది, ఎలా జరగాల్సింది, అదొక్కటే నా విషయం.

ముందుగా మనం ఏ చట్టం కింద ఉన్నామో తెలియాలి. కాలనీల్లో మూడు రకాలు కనిపిస్తాయి. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనవి ఒకటి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందివి రెండోది. వాటిలో ప్రభుత్వం తరఫున సంఘాలను చూసే రిజిస్ట్రార్ జోక్యం బాగా తక్కువ, తగవులు సహకార ట్రిబ్యునల్‌కు వెళతాయి. మూడోవి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద పెట్టుకున్న సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు. వాళ్ళకు మధ్యవర్తిత్వం లేదా జిల్లా కోర్టు దిక్కు. పక్క అపార్ట్‌మెంట్‌లో బావమరిది చెప్పిన సలహా మనకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. సెక్రటరీ గారి గదిలో ఫ్రేము కట్టి పెట్టిన సర్టిఫికెట్ చూశాను. మనది 1964 చట్టం. రాష్ట్రం విడిపోయాక పేరులో తెలంగాణ చేరింది.

ఆ చట్టం ప్రకారం సంఘంలో అంతిమ అధికారం జనరల్ బాడీది. కమిటీ రోజువారీ పనులు నడుపుతుంది. వాచ్‌మన్ జీతం, బోరు మోటారు రిపేరు, కరెంటు బిల్లు లాంటి వాటికి మనందరినీ పిలవక్కర్లేదు. కొత్తగా సభ్యుల మీద వేసే పెద్ద వసూలు, ఉమ్మడి ఆస్తి మీద కట్టడం, సంఘం సొంత నియమాలైన బైలాస్ మార్పు మాత్రం మన బైలాస్ ప్రకారం ఇక్కడికే రావాలి. 'మాకు ఓటేసి గెలిపించారు కదా, ఇక మా ఇష్టం' అంటే కుదరదు. అలాగే 'జనరల్ బాడీ ఒప్పుకుంది' అన్నంత మాత్రాన ఏదైనా చెల్లిపోదు. జనరల్ బాడీ కూడా చట్టానికీ బైలాస్‌కూ లోబడి ఉండాల్సిందే. బైలాస్ మార్చాలన్నా తీర్మానం చేస్తే సరిపోదు, రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైతేనే అది అమలవుతుంది.

'బైలాస్ కూడా చట్టమే' అని చాలామంది అంటారు. కాదు. హైదరాబాద్ ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ నుంచి వెళ్ళిన ఒక సహకార బ్యాంకు కేసులో 1969లో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. బైలాస్‌కు చట్టానికి ఉన్న బలం లేదు, అవి కంపెనీ నియమావళి లాంటివి, సంఘాన్నీ సభ్యులనూ ఒకరికొకరిని కట్టి ఉంచుతాయి అంది. మన ఇంటి ఒప్పందం అనుకోండి. ఆ ఒప్పందం కాపీ మీలో ఎంతమంది దగ్గర ఉంది? చేతులెత్తండి. నాలుగు... ఐదు. సరే.

ఇక పోయిన సెప్టెంబర్ మీటింగ్ సంగతి. నోటీసులో ఆరు అంశాలున్నాయి: పోయిన మినిట్స్, లెక్కలు, ఆడిట్ రిపోర్టు, బడ్జెట్, డ్రైనేజీ, చివర 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు'. నలభై వేల వసూలు ఆ చివరి దాంట్లో పాసైంది. నా సర్వీసులో ఎన్ని సంఘాల మినిట్స్ చూశానో, అన్నింటిలోనూ అసలు కథ ఆ ఆరో అంశంలోనే ఉంటుంది! వీధి లైటు వెలగట్లేదని చెప్పుకోవడానికి ఉన్న చోటు అది. మొత్తం 84 లక్షల 80 వేల రూపాయల వసూలు అక్కడ పెట్టకూడదు. నోటీసు దేనికి? రావాలా వద్దా అని సభ్యుడు ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి. విషయమే రాయకపోతే ఏమని తేల్చుకుంటాడు? మన బైలాస్ 14 రోజుల ముందు ఎజెండాతో నోటీసు ఇవ్వాలంటాయి. తేదీ చూడండి, దానికంటే ముందు ఎజెండా చూడండి.

తర్వాత కోరం, అంటే మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు. మన బైలాస్‌లో అయిదో వంతు, అంటే 43 మంది. వచ్చింది 31. కోరం లేకపోతే అరగంట వాయిదా వేసి, ఎంతమంది ఉంటే అంతమందితో మళ్ళీ మొదలుపెట్టొచ్చని కూడా బైలాస్‌లో ఉంది. అయితే అలా మొదలైన మీటింగ్‌లో ఎజెండాలో ఉన్నవి తప్ప కొత్తవి తీసుకోకూడదు. మినిట్స్ బుక్కులో వాయిదా మాటే లేదు. '31 మంది హాజరు, వాట్సాప్ గ్రూపులో 9 మంది సమ్మతి, మొత్తం 40' అని రాసి ఉంది. కలిపినా 43 కాలేదు, అది వేరే సంగతి. అసలు కలపడమే తప్పు.

మన చట్టంలో సభ్యుడికి ఒక్క ఓటు. మీకు మూడు ప్లాట్లున్నా, వంద షేర్లున్నా ఒకటే. ఆ ఓటు స్వయంగా వచ్చి వెయ్యాలి, ప్రాక్సీ లేదు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి గ్రూపులో బొటనవేలు గుర్తు పెడితే అది అభిప్రాయం, ఓటు కాదు. అమ్మ పేరున సభ్యత్వం ఉంటే కొడుకు వచ్చి చెయ్యెత్తినా అంతే. చదివింపులు ఒకరి చేత ఒకరు పంపినట్టు ఓటు పంపడం కుదరదు.

ఇక్కడే మన కాలనీలో పెద్ద చిక్కుంది. ప్లాటు కొన్నవాళ్ళందరూ సభ్యులు కాదు! సేల్ డీడ్‌తో ఇంటికి ఓనరవుతారు. సంఘంలో సభ్యత్వం రావాలంటే దరఖాస్తు పెట్టాలి, షేరు బదిలీ కావాలి, కమిటీ తీర్మానం కావాలి, రిజిస్టర్లో పేరెక్కాలి. పన్నెండేళ్ళ నుంచి మెయింటెనెన్స్ కడుతూ రిజిస్టర్లో పేరు లేనివాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. రసీదులు ఓటివ్వవు అన్నా. సోమవారమే దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకోండి. సభ్యుడు పోయిన ఇళ్ళలో నామినీ ఉంటే, సంఘం ఆ నామినీ పేరున బదిలీ చెయ్యాలి. పశ్చిమ బెంగాల్ హౌసింగ్ సొసైటీ కేసులో 2016లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. ఆస్తిలో వాటా ఎవరిదన్నది వారసులు వేరేగా తేల్చుకుంటారు. నామినేషన్ లేనివాళ్ళు దయచేసి ఈ నెలలోనే రాసివ్వండి.

ఒక పాత సంగతి చెప్పాలి. ఊరి పేరు వద్దు. ఒక సంఘంలో ఆడిట్‌కు వెళితే, భూమి అమ్మకం తీర్మానం కింద 60 సంతకాలున్నాయి. సభ్యుల్ని అడిగితే ఒక్కరికీ తెలియదు. తీరా చూస్తే అవి ఉగాది నాడు బూరెలూ పులిహోరా పంచుతూ 'వచ్చినవాళ్ళ లెక్క కోసం' తీసుకున్న విడి కాగితం మీది సంతకాలు. తర్వాత తీసుకెళ్ళి మినిట్స్ బుక్కులో అతికించారు. అందుకే ఏ సంతకమైనా పేజీ పైన తేదీ, మీటింగ్ పేరు ఉందో లేదో చూసుకుని పెట్టండి. విడి కాగితం మీద అసలు వద్దు. తీర్మానం మీకు ఇష్టం లేకపోతే మౌనంగా లేచి వెళ్ళిపోకండి. 'నా వ్యతిరేకత పేరుతో సహా రాయండి' అనండి. రాయకపోతే మర్నాడే ఉత్తరం రాసి ఎకనాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. పోయిన సెప్టెంబర్‌లో ఇద్దరు గట్టిగా వాదించారని విన్నాను. బుక్కులో మాత్రం 'ఏకగ్రీవం' అని ఉంది.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? మొదట తీర్మానం నకలు, హాజరు పేజీ నకలు, నోటీసు నకలు రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు కింద సొసైటీకే దరఖాస్తు పెడతామని కొందరన్నారు. సహకార సంఘం సాధారణంగా ఆ చట్టం కిందికి రాదని 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ సంఘం గురించి రిజిస్ట్రార్ చట్టప్రకారం తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన ఆఫీసు నుంచి అడగొచ్చని అదే తీర్పులో ఉంది. ఆడిట్ రిపోర్టులకు ఆ దారి బాగా పనికొస్తుంది.

రెండోది, ప్రత్యేక జనరల్ బాడీ పెట్టమని సభ్యులే కోరడం. ఆఫీసుల చుట్టూ తిరిగేకంటే నాకు ఇదే ఇష్టం. కమిటీ తప్పు దిద్దుకోవడానికి మర్యాదైన దారి కూడా ఇదే. ఎజెండాలో నలభై వేలని రాసి, కొటేషన్లు ముందు పెట్టి, 43 మందికి తక్కువ కాకుండా కూర్చుని ఓటేసుకుంటే, ఓడినవాళ్ళు కూడా డబ్బు కడతారు.

అది జరగకపోతే సెక్షన్ 61. సంఘం నిర్మాణం, నిర్వహణ, వ్యవహారాలకు సంబంధించిన తగవు సభ్యుడికీ కమిటీకీ మధ్య వస్తే రిజిస్ట్రార్ ముందుకు వెళ్ళాలి. సివిల్ కోర్టు తలుపు ఇలాంటి వాటికి చాలావరకు మూసే ఉంటుంది. అర్జీలో 'అన్యాయం, అక్రమం' అని నాలుగు పేజీలు రాయకండి. నోటీసులో విషయం లేదు, కోరం లేదు, వాట్సాప్ ఓట్లు కలిపారు. మూడు వాక్యాలు, మూడు కాగితాలు చాలు. తీర్మానం అమలు ఆపమని మధ్యంతర ఉత్తర్వు కూడా దాంతోపాటే అడగండి, గోడలు లేచాక అడిగితే ఎవరూ కూల్చమనరు. అక్కడి నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు. లెక్కల్లో తేడాలుంటే సెక్షన్ 51 విచారణ వేరే దారి, రెండూ ఒకే అర్జీలో కలపకండి. నేరుగా హైకోర్టుకు వెళతామనే తొందర వద్దు. రిజిస్ట్రార్ ఉత్తర్వు మీదో, ఆయన కదలకపోవడం మీదో వెళితే వింటారు గానీ, ఇంకో దారి ఉండగా సొసైటీ మీద రిట్ సాధారణంగా నిలవదు.

ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది, 97వ రాజ్యాంగ సవరణ ప్రకారం మన కమిటీ రద్దయినట్టేనని. 2021 జులైలో సుప్రీంకోర్టు ఆ సవరణలోని సహకార భాగాన్ని ఒకటికి మించి రాష్ట్రాల్లో పనిచేసే బహుళ రాష్ట్ర సంఘాలకు మాత్రమే మిగిల్చింది. మనది రాష్ట్ర సంఘం. ఆ మెసేజ్ అర్జీలో పెట్టి నవ్వులపాలు కావద్దు.

ఇంకొక్క మాట. కోపంతో నెలనెలా కట్టే మెయింటెనెన్స్ ఆపకండి. ఆపితే రేపు మిమ్మల్ని బకాయిదారు అంటారు, అసలు తగవు పక్కకు పోతుంది. నలభై వేల మీద మాత్రం అభ్యంతరం రాతలో ఇవ్వండి. 'ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు' అని తప్పకుండా అడుగుతారు. మినిట్స్ ఎవరికీ పంపలేదు, ఈ నెల నోటీసుతోనే తెలిసింది అన్నది మీ జవాబు. ఆ నోటీసు కవరు పారేయకండి, దాని మీద తేదీ ఉంది.

ప్రత్యేక జనరల్ బాడీ కోరే కాగితం తలుపు దగ్గర బల్ల మీద పెట్టారు. రిజిస్టర్లో పేరున్నవాళ్ళే, పక్కన సభ్యత్వ నంబరు వేసి సంతకం పెట్టండి. కావాల్సినవి 43, ఒక యాభై ఉంటే నయం, నాలుగు కొట్టేసినా నిలబడుతుంది. పైన విషయం రాసి ఉంది, చదివాకే పెట్టండి. ఇక ప్రశ్నలు. వెనక వరుసలో అమ్మగారు ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉన్నారు, మైకు అక్కడికి ఇవ్వండి బాబూ.