జులై రిజెక్షన్ పారెటో పట్టిక: స్విచ్ ప్లేట్లు, జీడిమెట్ల యూనిట్

క్వాలిటీ టీమ్‌కి, ఎ, బి, సి షిఫ్ట్ సూపర్‌వైజర్లకి, టూల్ రూమ్‌కి. మంగళవారం మీటింగ్‌కి వచ్చేలోగా అందరూ ఒకసారి చదవండి.

జులైలో 6 మెషీన్ల మీద చూసిన తెల్ల ఏబీఎస్ ప్లేట్లు 48,000. పక్కన పడేసినవి 1,200, అంటే 2.5 శాతం. మే నెల వరకు మన రిజిస్టర్‌లో "డ్యామేజ్" అని ఒకే కాలమ్ ఉండేది. చారలు వచ్చిన ప్లేటు, అంచు నిండని ప్లేటు, గీత పడిన ప్లేటు అన్నీ అందులోకే వెళ్లేవి. నెలాఖరున మొత్తం ఎంతో తెలిసేది కానీ ఎందుకో తెలిసేది కాదు. జూన్‌లో ట్యాలీ షీట్ మార్చాం కాబట్టి, లోపాల వారీగా నెలంతా నిండిన మొదటి లెక్క ఇదే.

| వరుస | లోపం | ప్లేట్లు | శాతం | కలుపుకుంటూ వస్తే శాతం |
|---|---|---|---|---|
| 1 | వెండి చారలు (సిల్వర్) | 468 | 39.0 | 39.0 |
| 2 | షార్ట్ షాట్ (అచ్చు నిండలేదు) | 276 | 23.0 | 62.0 |
| 3 | ఫ్లాష్ (అంచున రెక్క) | 192 | 16.0 | 78.0 |
| 4 | నల్ల మచ్చలు | 96 | 8.0 | 86.0 |
| 5 | సింక్ మార్క్ (గుంట) | 66 | 5.5 | 91.5 |
| 6 | గీతలు | 48 | 4.0 | 95.5 |
| 7 | రంగు తేడా | 24 | 2.0 | 97.5 |
| – | ఇతరాలు | 30 | 2.5 | 100.0 |
| | మొత్తం | 1,200 | 100.0 | |

"ఇతరాలు" రంగు తేడా కన్నా ఎక్కువే ఉన్నా చివర్లోనే పెట్టాను. అది ఒక లోపం కాదు, చిల్లర అంతా వేసిన డబ్బా. ఆ డబ్బా 5 శాతం దాటిన నెలలో దాన్ని విప్పి చూడాలి. ఒక ప్లేటుకి రెండు లోపాలు ఉంటే, దేనివల్ల పడేశామో దాని కిందే రాశాం, రెండుసార్లు లెక్కపెట్టలేదు.

మొదటి మూడు వరుసలే 78 శాతం. ఇటలీలో కొద్దిమంది చేతుల్లోనే ఎక్కువ భూమి ఉందని పారెటో అనే ఆర్థికవేత్త గమనించాడు. ఫ్యాక్టరీ లోపాలు కూడా అలాగే కొన్ని కారణాల దగ్గరే పోగుపడతాయని క్వాలిటీ నిపుణుడు జూరాన్ చూపించి, ఆ పద్ధతికి పారెటో పేరు పెట్టాడు. 80–20 అచ్చంగా రావాలని రూలేమీ లేదు. మనకి 7 రకాల్లో 3 రకాలకే 78 వచ్చింది. గీత ఎక్కడ గీయాలో తెలియడానికి ఇది చాలు. ఆగస్టులో మన శ్రమ అంతా ఆ మూడింటి మీదే.

ముందు చారల సంగతి. వెండి చార అనేది మనకి కనిపించే లక్షణమే. అసలు కారణం గింజలోని తేమ. ఏబీఎస్ గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. అది బ్యారెల్ వేడికి ఆవిరై, ప్లేటు పైకి చారలా సాగుతుంది. అందుకే 80 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు ఆరబెట్టాలంటారు. ఈ 468ని షిఫ్ట్‌ల వారీగా విడగొడితే ఎ షిఫ్ట్‌లో 318, బి లో 82, సి లో 68. ఎ షిఫ్ట్ వాళ్ల పని బాగోలేదని దీనికి అర్థం కాదు. ఆ 318లో 227 నాలుగు ఉదయాల్లోనే వచ్చాయి. మూడు సోమవారాలు, బోనాల సెలవు మర్నాడు మంగళవారం. సెలవు రోజు డ్రయర్ ఆపేస్తాం, ఉదయం 6కి ఆన్ చేస్తాం, 6:30కి మొదటి షాట్ కొడతాం. వర్షాకాలం రాత్రంతా హాపర్‌లో ఉన్న గింజకి మనం ఇచ్చింది అరగంట వేడి! 28వ తేదీ పొద్దున నేనే 2వ మెషీన్ దగ్గర నిల్చున్నాను. గేట్ దగ్గర మొదలై చీపురుతో ఊడ్చినట్టు చారలు, ప్లేటు తర్వాత ప్లేటు. ఆ ఆపరేటర్ టెంపరేచర్ తగ్గించాడు, ఇంజెక్షన్ స్పీడ్ తగ్గించాడు, చేతనైనవన్నీ చేశాడు. తొమ్మిదిన్నరకి వాటంతట అవే పోయాయి. అప్పటికి గింజ ఆరింది, అంతే.

కాబట్టి సెలవు మర్నాడు డ్రయర్ 6కే ఆన్, మొదటి షాట్ మాత్రం 9కి. రెండున్నర గంటల ప్రొడక్షన్ పోతుందని ప్లానింగ్ వాళ్లు అంటారు, అది న్యాయమైన మాటే. కానీ ఆ రెండున్నర గంటలు మూడో వరుసకి పనికొస్తాయి. ఫ్లాష్ 192లో 131 ఒక్క 4వ మెషీన్‌వే. దాని అచ్చు రెండు భాగాలు కలిసే చోట ఒక మూల అరిగిపోయింది. వేలితో తడిమితే తెలుస్తుంది. క్లాంప్ టన్నేజ్ పెంచి సర్దుకుంటూ వచ్చాం, దాంతో ఆ మూల ఇంకా అరుగుతోంది. ఆ సమయంలో టూల్ రూమ్ వాళ్లు అచ్చు దించి, శుభ్రం చేసి, మూలకి వెల్డింగ్ అవసరమో కాదో చెప్పాలి. ఎలక్ట్రీషియన్ వీక్లీ టైమర్ బిగించాక డ్రయర్ దానంతటదే తెల్లవారుజామున 3కి ఆన్ అవుతుంది, అప్పుడు ప్రొడక్షన్ కూడా ఆగదు.

షార్ట్ షాట్ల మీద వాదన ఉంది. 276లో 164 మెషీన్ ఆగి మళ్లీ మొదలైన అరగంటలోపువి. స్టార్టప్ షాట్లని రిజెక్షన్‌లో కలపకూడదని సూపర్‌వైజర్లు అంటున్నారు. నేను ఒప్పుకోను. గింజ పోయింది, టైమ్ పోయింది, లెక్కలో ఉండాల్సిందే. అయితే ఆగస్టు షీట్‌లో వాటికి వేరే గడి ఇస్తున్నాం. ఎందుకు ఆగిందో కూడా పక్కన రాయండి: కరెంటు పోయిందా, అచ్చు మార్చారా, నాజిల్ మూసుకుపోయిందా. అది తెలియకుండా ఇప్పుడే మందు వేయలేం.

నల్ల మచ్చలు సంఖ్యలో 8 శాతమే. డబ్బు లెక్కలో కథ మారుతుంది. మిగతా ప్లేట్లని గ్రైండర్‌లో వేసి మళ్లీ వాడతాం, అందుకే ప్లేటుకి ₹22 ఖర్చులో ₹9 తిరిగొచ్చి నష్టం ₹13. మచ్చ ఉన్నది గ్రైండ్ చేస్తే మచ్చ తెల్ల గింజలో కలిసిపోతుంది, కాబట్టి ₹22 మొత్తం పోయినట్టే. అలా చూస్తే చారలు ₹6,084, షార్ట్ షాట్ ₹3,588, ఫ్లాష్ ₹2,496, నల్ల మచ్చలు ₹2,112. వరుస మారలేదు కానీ నల్ల మచ్చలు ఫ్లాష్‌కి దగ్గరగా వచ్చాయి. మొత్తం నష్టం ₹16,464లో దాదాపు 13 శాతం వాటిదే. ఫ్లాష్ తగ్గగానే స్క్రూ పర్జింగ్ పని మొదలుపెడదాం.

రంగు తేడా 24 అని తేలిగ్గా తీసుకోకండి. కస్టమర్ గోడ మీద రెండు ప్లేట్లు పక్కపక్కన బిగించినప్పుడు ముందు కనిపించేది అదే. ప్రతి లాట్ మొదటి ప్లేటుని మాస్టర్ శాంపిల్ పక్కన పెట్టి చూసే పద్ధతి యథాతథంగా సాగాలి.

ఇది వర్షాకాలం లెక్క. ఏప్రిల్‌లో చారలు వాటంతట అవే తగ్గవచ్చు. అందుకే డ్రయర్ మార్పు పనిచేసిందో లేదో నెల మొత్తంతో కాకుండా, సెలవు మర్నాటి ఉదయాల్లో వచ్చిన చారలతో చూద్దాం. జులైలో 4 ఉదయాలకి 227, అంటే సగటున దాదాపు 57.

ఆగస్టు పట్టిక బి షిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ చేస్తారు. ఎక్సెల్‌లో A కాలమ్‌లో లోపం, B కాలమ్‌లో ప్లేట్ల సంఖ్య 2వ వరుస నుంచి రాయాలి. ముందు ప్లేట్ల సంఖ్య ప్రకారం పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేసి, "ఇతరాలు" కిందికి దించాలి. తర్వాత C2లో ఇది టైప్ చేసి C9 వరకు లాగి, C కాలమ్‌ని శాతం ఫార్మాట్‌లో పెడితే చివరి కాలమ్ వస్తుంది:

```
=SUM(B$2:B2)/SUM(B$2:B$9)
```

B2 నుంచి B9 వరకు కూడితే వచ్చేది నెలలో పక్కన పడేసిన మొత్తం ప్లేట్లకి సరిపోకపోతే ట్యాలీ షీట్లు మళ్లీ కూడండి. పట్టిక సెప్టెంబర్ 3 సాయంత్రానికి నా టేబుల్ మీద ఉండాలి.

క్యూఏ ఇన్‌చార్జ్