రాప్తాడులో పల్లెపాకం ఫుడ్స్ చిక్కీ ఫ్యాక్టరీ సోమవారం ప్రారంభం

పత్రికా ప్రకటన
అనంతపురం, జూన్ 12:

వేరుశనగ చిక్కీ తయారుచేసే పల్లెపాకం ఫుడ్స్ రాప్తాడు దగ్గర కొత్త ఫ్యాక్టరీని జూన్ 15, సోమవారం ఉదయం 10 గంటలకు ప్రారంభిస్తోంది. రోజుకు 1,200 కిలోల చిక్కీ, 300 కిలోల పల్లీపొడి ఇక్కడ తయారవుతాయి. 38 మందికి ఉద్యోగాలు. అందులో 26 మంది చుట్టుపక్కల ఊళ్ల మహిళలే.

చిక్కీకి ప్రాణం పప్పు. తడి ఆరని కాయను గోనెసంచిలో కట్టేస్తే బూజు పడుతుంది, అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయిస్తే అది పూర్తిగా పోదు. అందుకే లారీ దిగకముందే ప్రతి లాట్ తేమ కొలుస్తాం. పప్పులో 7 శాతం దాటితే తీసుకోం. ముడుచుకున్న, రంగు మారిన గింజలను యంత్రం వేరు చేశాక బెల్టు దగ్గర చేత్తో మళ్లీ ఏరుతారు.

బెల్లం పాకం చుక్క చన్నీళ్లలో వేస్తే టక్కున విరగాలి. ముందే దించితే చిక్కీ పళ్లకు అంటుకుంటుంది, ఆలస్యమైతే చేదెక్కుతుంది. బెల్లం గాలిలో తేమను లాగేస్తుంది కనుక, ముక్కలు చల్లారిన వెంటనే పొడిగదిలోనే ప్యాక్ చేస్తాం. ప్రతి ప్యాకెట్ మెటల్ డిటెక్టర్ దాటాకే పెట్టెలోకి వెళ్తుంది.

100 గ్రాముల ప్యాకెట్ ధర రూ.40. కాయ అమ్మదలచిన రైతులు బుధ, శనివారాల్లో రెండు కిలోల నమూనాతో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రావచ్చు. తేమ పరీక్ష ఉచితం, ఫలితం అక్కడే చెబుతాం.

– యాజమాన్యం, పల్లెపాకం ఫుడ్స్