రెండు స్టిక్కర్ల చీర

రమ దగ్గర ఆరు వేల రూపాయలున్నాయి. ఆషాఢం నుంచి ఇడ్లీ పిండి అమ్మిన డబ్బులో రోజుకింత పక్కన పెట్టి, వంటింట్లో పాత బూస్ట్ సీసాలో దాచినవి. వాటితో అత్తగారికి చీర, ఆడపడుచుకి చీర, బాబుకి ప్యాంటూ షర్టూ, పాపకి లంగా గుడ్డ తీసుకోవాలి. భర్త శ్రీను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తాడు. "నాకేం వద్దులే, సంక్రాంతికి చూద్దాం" అన్నాడు. పోయిన దసరాకీ అదే మాటన్నాడు.

2025 దసరా. మూలా నక్షత్రానికి ఇంకా మూడు రోజులుంది. బీసెంట్ రోడ్డులో అడుగు తీసి అడుగు వెయ్యాలంటే ముందువాళ్లు కదలాలి. తోపుడుబళ్ల మీద రవికల గుడ్డలు, గాజులు, జడ క్లిప్పులు. రెండు వైపులా అంతస్తుల షాపులు. ప్రతి షాపు ముందూ మైకు, ప్రతి మైకులో సగానికి సగం. ఒకచోట "అప్ టు 70%" అని గుమ్మమంత బోర్డు పెట్టారు. డెబ్బై అంకె ఆటోలో పోయేవాళ్లకి కూడా కనబడుతుంది. "అప్ టు" అన్న ముక్క మాత్రం దగ్గరికెళ్లి తలెత్తితే తప్ప కనబడదు.

పోయిన ఏడాది ఆ డెబ్బై చూసే లోపలికెళ్లింది రమ. ఆడపడుచుకి చీర తీసుకుంది. రెండు వేల ఎనిమిది వందల చీర పద్నాలుగు వందలకే వచ్చిందని సంబరపడి అందరికీ చెప్పింది. ఆడపడుచు ఏమీ అనలేదు. పక్కింటావిడ మాత్రం చీర అంచు పట్టుకుని చూసి, "మా చెల్లి ఇదే కొంది, పన్నెండు వందల యాభై, ఆఫరేం లేదు" అంది. ఆ మాట రమకి ఏడాదిగా గుర్తుంది. పోయిన నూట యాభై కన్నా, నలుగురిలో చెప్పుకుని మరీ మోసపోవడం ఎక్కువ బాధ. ఆ బాధ పడినవాళ్లకే తెలుస్తుంది.

ఈసారీ పెద్ద షాపులోకే వెళ్లింది. కారణముంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు అత్తగారితో కలిసి ఇక్కడికి వచ్చినప్పుడు, ముదురు వంకాయ రంగు మీద సన్నటి జరీ గీతల చీర ఒకటి ఆవిడ చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, మళ్లీ మడిచి అక్కడే పెట్టేసింది. రమ చప్పుడు చెయ్యకుండా ఫోన్లో ఫొటో తీసుకుంది, దసరాకి కొనిపెడదామని.

చీర ఇంకా ఉంది. అదే వంకాయ రంగు, అవే గీతలు. ట్యాగు మీద 2,380. దాని మీద ఎర్ర చుక్క: సగం ధర.

"మంచి ఛాన్స్ మేడమ్, ఆదివారంతో ఆఫర్ అయిపోద్ది" అంది సేల్స్ అమ్మాయి. ఇరవై ఏళ్లుంటాయేమో. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నట్టుంది, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తోంది.

రమ ట్యాగుని బొటనవేలితో నిమిరింది. అట్ట నున్నగా ఉంది, ధర దగ్గర మాత్రం చిన్న ఎత్తు తగిలింది. వెలుతురుకి పట్టుకుంటే తెల్ల స్టిక్కరు కింద ఇంకో తెల్ల స్టిక్కరు. పైది కాస్త వంకరగా అంటించారు. కింది దాని మూల బయటికొచ్చింది, అందులో సున్నాలో సగం కనబడుతోంది.

ఫోన్ తీసింది. శ్రావణం ఫొటోలో అత్తగారి చెయ్యి, చెయ్యి పక్కన వేలాడుతున్న ట్యాగు. రెండు వేళ్లతో పెద్దది చేసింది. 1,190.

అంటే అప్పుడూ పదకొండు వందల తొంభై, ఇప్పుడూ పదకొండు వందల తొంభై. మధ్యలో రెట్టింపు రాసి సగం కొట్టేశారు.

సేల్స్ అమ్మాయి కూడా ఫొటో చూసింది. రమ మొహంలోకి చూసి, తర్వాత మేనేజరు కూర్చున్న కౌంటరు వైపు చూసింది. "స్టిక్కర్లు రాత్రి పూట మాతోనే వేయించారక్కా" అంది, పెదవులు కదిలీ కదలనట్టు. మేడమ్ కాస్తా అక్క అయింది. రమకి కోపం వచ్చింది కానీ ఆ అమ్మాయి మీద కాదు. చీర మడిచి దాని చేతికే ఇచ్చి, "నీళ్లు తాగమ్మా, ఎండిపోయున్నావు" అని బయటికొచ్చి కమల పిన్నికి ఫోన్ చేసింది.

పిన్ని గుణదలలో ఇంటి దగ్గరే చీరలమ్ముతుంది. పదిహేనేళ్లుగా సరుకు వన్‌టౌన్‌లోని వస్త్రలత హోల్‌సేల్ బట్టల బజారు నుంచే. విషయం విని, "నేనిప్పుడు వన్‌టౌన్‌లోనే ఉన్నాను, ఆటో ఎక్కి వచ్చెయ్" అంది.

వస్త్రలతలో మైకుల్లేవు. వరస వరసగా చిన్న కొట్లు, తెల్ల పరుపుల మీద కూర్చున్న వ్యాపారులు, గుట్టలుగా చీరలు, నడవంతా కొత్త గుడ్డ గంజి వాసన. పిన్ని ఒక కొట్టు గట్టు మీద కాళ్లు మడిచి కూర్చుని బిల్లు సరిచూసుకుంటోంది.

రమ జరిగిందంతా ఏకరువు పెట్టింది. పిన్ని ఆశ్చర్యపోలేదు.

"ఆషాఢంలో తగ్గించారంటే నమ్ముతాను రమా. ఆ నెల పెళ్లిళ్లుండవు, శుభకార్యాలుండవు, బేరాల్లేక కొట్టువాడు ఈగలు తోలుకుంటాడు. సరుకు కదిలితే చాలనుకుంటాడు. దసరాకి జనం తోసుకుని తోసుకుని వస్తుంటే సగానికి ఎందుకిస్తాడు చెప్పు? తగ్గించాడంటే వాడికో అవసరం ఉండాలి. ఆ అవసరమేంటో అడుగు. చెప్పగలిగితే అది ఆఫరు."

"అక్కడ ఇంకో బోర్డుంది పిన్నీ. యాభై శాతం, దాని మీద ఇంకో ఇరవై. అంటే డెబ్బయ్యేగా?"

"వెయ్యి రూపాయల చీరకి లెక్క కట్టు."

రమ కట్టింది. వెయ్యిలో సగం పోతే ఐదొందలు. ఆ ఐదొందల్లో ఇరవై శాతం వంద. నాలుగొందలు కట్టాలి. తగ్గింది అరవై శాతమే. పిండి లెక్కల్లో పావలా తేడా వస్తే పట్టుకునే మనిషి, ఇన్నాళ్లూ ఈ లెక్క ఎందుకు కట్టలేదా అనుకుంది. మైకు మోతలో లెక్క కట్టే వ్యవధి ఉండదు మరి.

"ఒకటి కొంటే రెండు ఫ్రీ?"

"ట్యాగెంత?"

"1,950."

"మూడుతో భాగించు. ఒక్కోటి ఆరు వందల యాభై. ఆ చీర విడిగా ఎంతకి దొరుకుతుందో చూడు. ఆ రకం ఇక్కడ ఐదు వందల యాభైకి చూపిస్తాను. పైగా నీకు కావలసింది ఒకటైతే మూడెందుకు?" పిన్ని కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "చీరల మీద కూడా జీఎస్టీ తగ్గిందని బోర్డు పెట్టి ఉంటారే?"

పెట్టారు. రమ చూసింది.

పిన్ని సంచిలోంచి రెండు బిల్లులు తీసి పక్కపక్కన పరిచింది. ఒకటి జూన్‌ది, ఒకటి ఇవాళ్టిది. రెండింట్లోనూ చీరల మీద పన్ను ఐదు శాతమే. "చీరకి అప్పుడూ ఐదే, ఇప్పుడూ ఐదే. తగ్గింది కుట్టిన బట్టలకి. అది వేరే సంగతి. బాబు బట్టలు కొనేటప్పుడు చూద్దాం."

కొట్టు యజమాని ఇదంతా వింటున్నాడు. ముసలాయన, చెవి మీద పెన్ను. "మీ అమ్మాయికేం కావాలమ్మా?" అన్నాడు పిన్నితో. రమ ఫొటో చూపించింది.

"ఈ డిజైను సెట్లు అయిపోయాయి. ఆరు చీరల సెట్టులో ఒకటి మిగిలింది, ఉండండి." లోపల్నుంచి తెప్పించి తనే విప్పాడు. వంకాయ రంగే, గీతలు మాత్రం కొంచెం వెడల్పు. పరుపు మీద పూర్తిగా పరిచి ఒకచోట వేలు పెట్టాడు. "ఇక్కడ చూడండి. సంక్రాంతి నుంచి బీరువాలో మడతలోనే ఉంది. మడత మీద రంగు తగ్గింది."

నిజమే. చీర మధ్యలో అడ్డంగా జానెడు పొడవున, గోటి వెడల్పున లేత గీత. ఆయన చూపించకపోతే ఇంటికెళ్లి ఉతికేదాకా తెలిసేది కాదు.

"మాకు పడింది ఏడు వందల పైచిలుకు. ఒక్క పీసు, పైగా మడత పడింది. ఆరు వందల యాభై ఇవ్వండి."

రమ పిన్ని వైపు చూసింది. పిన్ని ఏమీ అనలేదు, నువ్వే చూసుకో అన్నట్టు బిల్లులు మడుచుకుంటోంది. రమ చీర అంచు వేళ్ల మధ్య నలిపింది. గీత మీద చెమట చేత్తో రుద్ది అరచెయ్యి చూసుకుంది, రంగు అంటలేదు. మూరతో కొలిచింది. జాకెట్టు ముక్కతో సహా పూర్తిగా ఉంది. ట్యాగు లేదు, ఎర్ర చుక్క లేదు. మొదటిసారి ఎవరో తనకి నిజంగా తగ్గించి ఇస్తున్నారనిపించింది.

"ఇవ్వండి" అంది.

ఆడపడుచుకి మంగళగిరి నేత చీర, పదకొండు వందలు. దానికి తగ్గింపేమీ లేదు. పక్క రెండు కొట్లలో అడిగి చూసింది, పది ఇరవై తేడాతో అదే ధర. పాపకి లంగా గుడ్డ ఆరు వందల నలభై.

బాబు బట్టలకి గవర్నరుపేటలో ఒక చిన్న రెడీమేడ్ షాపుకి తీసుకెళ్లింది పిన్ని. ప్యాంటూ షర్టూ సెట్టు, ట్యాగు మీద 1,299. రమ పదమూడు వందలు తీసి పెట్టింది. కంప్యూటరు బిల్లులో 1,218 అని వచ్చింది.

"తప్పు పడినట్టుంది బాబూ, చూసుకో" అంది రమ.

"తప్పు కాదమ్మా. ఈ ధరకి ఇదివరకు పన్ను పన్నెండు శాతం. ఇరవై రెండో తారీఖు నుంచి ఐదు. ట్యాగులు పాతవి, బిల్లు కొత్త లెక్క" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఎనభై రెండు రూపాయలు తిరిగి చేతిలో పెట్టాడు. షాపు బయట ఏ బోర్డూ లేదు.

పర్సులో ఇంకా రెండు వేల పైనే ఉన్నాయి. రమ ఇంకోసారి లెక్కపెట్టింది. అదే షాపులో మగవాళ్ల షర్టుల వరస దగ్గరికెళ్లి, లేత నీలం గళ్లది ఒకటి తీసింది. ఏడు వందల యాభై. శ్రీను భుజం కొలత కోసం తన చెయ్యి చాపి చూసుకుంది, ఎప్పుడూ చూసే కొలతే.

రాత్రి అత్తగారు కవరు విప్పింది. వంకాయ రంగు చూసి ఓ క్షణం మాట్లాడలేదు. ఫొటో సంగతి ఆవిడకి తెలియదు.

"ఎంతే?"

"ఆరు వందల యాభై అత్తయ్యా."

"ఎంతున్నదాన్ని ఎంతకిచ్చారు?"

"ఆరు వందల యాభై చీరే. ఇక్కడ మడత మీద కొంచెం రంగు పోయింది, చూపించే ఇచ్చారు." రమ గీత దగ్గర వేలు పెట్టింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని గీతని దగ్గరగా చూసింది. తర్వాత లేచి నిలబడి, కట్టుకున్న చీర మీదే ఆ చీరని నడుముకి చుట్టి, వేళ్లతో కుచ్చిళ్లు పోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గీత నాలుగో కుచ్చిట్లో లోపలికి పోయింది. ఆవిడ కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని, "శ్రీనూ, ఇటొచ్చి చూడరా" అని కేకేసింది.