ఈసారి జీతాలు తక్కువ ఎందుకు పెరిగినయో మన మిల్లు స్టాఫ్‌కు చెప్పిన మాట

అందరూ కూసోండ్రి, బాయిలర్ దగ్గర ఇద్దరుంటే చాలు, మిగిలినోళ్ళు రాండ్రి. సుట్టు తిప్పకుండ ముందుగాల అసలు ముచ్చట చెప్త. ఈ ఏడు జీతం పెరిగేది 4 శాతమే. సంక్రాంతికి 10 దాకా వస్తదని మీకు చెప్పింది నేనే, ఆ మాట నమ్ముకొని కొందరు పిల్లల ఫీజులకు లెక్క ఏసుకున్నరు, చిట్టీలు ఎత్తుకున్నరు, నాకు తెలుసు. పంట చేతికి రాకముందే నేనట్ల చెప్పుడు తప్పు.

ఎందుకు తగ్గిందంటే యాసంగి వడ్లు. మిర్యాలగూడల పుట్టి పెరిగినోళ్ళకు నేను చెప్పేదేముంది, క్వింటాల్ వడ్లు దించుకుంటే సర్కారుకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం కట్టాలె, మనకు 60 వచ్చినా 65 వచ్చినా ఆ 68 మాత్రం తప్పదు. ఈసారి కోతలప్పుడే వానలు పడ్డయి, కల్లాలల్ల తడిసిన వడ్లే లారీలెక్కి మనకాడికి వచ్చినయి. శాంపిల్ ఆడించి ప్లేట్ల పోసినప్పుడు మన క్వాలిటీ తమ్ముడు నన్ను పిలిచి చూపిచ్చిండు, గింజ ఏలితో ఒత్తితే విరుగుతుంది, నూకలే ఎక్కువ. సగటున 66 దగ్గర ఆగినం. 50 వేల క్వింటాళ్ళు ఆడించినం గదా, క్వింటాల్‌కు 2 కిలోలు తక్కువంటే వెయ్యి క్వింటాళ్ళ బియ్యం బయట కొని కట్టినం, 3,200 లెక్కన 32 లక్షలు. డ్రయ్యర్ రాత్రి పగలు నడిచింది, ఆ కరెంటు బిల్లు వేరే. నూకలు, తవుడు అమ్మిన పైసలు వచ్చినయి, కాదనను, కానీ ఆ గుంత పూడలె.

మన 42 మంది జీతాలు నెలకు 8 లక్షల 40 వేలు. 10 శాతం పెంచితే ఏడాదికి 10 లక్షలు దాటుతది, 4 శాతమైతే 4 లక్షలు. సేటు అసలు ఏమీ ఇయ్యలేనన్నడు, నేను రెండుసార్లు పోయి కూసున్న, మూడోసారికి 4 కు ఒప్పుకున్నడు. నా జీతం పెంచొద్దని నేనే చెప్పిన, ఆ పైసలు 15 వేల లోపు ఉన్నోళ్ళకు కలుపుతున్నం, వాళ్ళకు 6 శాతం వస్తది. హమాలీలది బస్తా లెక్క గనక దాన్ని ముట్టుకోలేదు.

సేటు కారు కొన్నడు గదా అని పొద్దున ఒకన్న అడిగిండు. అడుగుడు తప్పు కాదన్నా. అది పోయినేడు లోన్ల తీసుకున్నది, ఈ లెక్కల లేదు, కావాలంటే బుక్కు తెస్త, నువ్వే చూడు. మనిషిని తీసేసుడు మాత్రం ఒక్కరినీ లేదు, దానికి నేను ఒప్పుకోలె.

వానకాలం వడ్లు మంచిగొస్తే డిసెంబర్‌ల మళ్ళ కూసుందాం, అప్పటి లెక్క అప్పుడే చెప్త, ఇప్పుడు శాతం చెప్పను. శనివారం స్లిప్పులు ఇస్త. ఎవరికైనా ఫీజుకు అడ్వాన్స్ అవసరముంటే నా దగ్గరికి రాండ్రి, వడ్డీ ఉండదు, నెలకింతని కోసుకుంటం. ముందు నైట్ షిఫ్ట్ వాళ్ళు అడగండ్రి, పాపం నిద్ర లేక ఉన్నరు.