ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ సరిచేయమని కోరుతూ విన్నపం

అంబాజీపేట,
15 సెప్టెంబర్ 2025.

లైసెన్సింగ్ అధికారి గారికి,
జిల్లా రవాణా అధికారి కార్యాలయం,
అమలాపురం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

విషయం: లెర్నర్ లైసెన్సు దరఖాస్తు నంబరు 2187450925లో పేరు, పుట్టిన తేదీ తప్పుగా నమోదైనందున, లైసెన్సు జారీ కాకముందే సరిచేయమని కోరడం గురించి.

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

నా పేరు గుత్తుల సాయి లక్ష్మీ ప్రసన్న. తండ్రి పేరు గుత్తుల వెంకటరమణ. మాది అంబాజీపేట. అమలాపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. గేరు లేని మోటార్ సైకిల్‌కీ, కారుకీ కలిపి ఎల్‌ఎల్‌ఆర్ కోసం ఈ నెల 10వ తేదీన సారథి వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకున్నాను. ఫీజు కట్టాం. పరీక్షకు 22వ తేదీ సోమవారం ఉదయం స్లాట్ వచ్చింది.

దరఖాస్తు మా ఊళ్ళోని ఒక నెట్ సెంటర్‌లో పెట్టించాం. నా ఆధార్‌కు లింక్ అయి ఉన్నది నాన్నగారి పాత సిమ్. అది ఇప్పుడు పనిచేయడం లేదు. ఓటీపీ వచ్చే దారి లేక ఆధార్ ధ్రువీకరణ లేకుండానే దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. దాంతో ఆధార్ నుంచి వాటంతట అవే రావాల్సిన వివరాలను సెంటర్ అతను చేత్తో టైపు చేశారు. తప్పులు అక్కడే దొర్లాయి. రశీదు ప్రింటు ఇంటికి తెచ్చి టెన్త్ మెమోతో పోల్చి చూస్తే బయటపడ్డాయి.

మొదటిది పేరు. దరఖాస్తులో ఇలా ఉంది: SAI LAXMI PRASANNA G
నా టెన్త్ మెమోలోనూ, ఆధార్‌లోనూ ఉన్నది ఇది: GUTTULA SAI LAKSHMI PRASANNA

ఇంటిపేరు ముందు ఉండాలా, చివర ఉండాలా అన్నదాని మీద నాకు పట్టింపు లేదు. దరఖాస్తు ఫారంలో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులు ఉంటాయి కాబట్టి ఇంటిపేరు చివరికి వెళ్ళినా ఫర్వాలేదు. కానీ ఒక్క అక్షరంగా మిగలకుండా పూర్తిగా ఉండాలని నా మనవి. మా కోనసీమలో G అంటే గుత్తుల కావచ్చు, గుబ్బల కావచ్చు, గంటా కావచ్చు. సాయి లక్ష్మి అన్న పేరైతే వీధికొకరికి ఉంటుంది. అలాగే LAXMI అన్న స్పెల్లింగు నా సర్టిఫికెట్లలో ఎక్కడా లేదు. పలకడానికి రెండూ ఒకటే అయినా, రేపు ఉద్యోగ పరీక్షకు లైసెన్సును గుర్తింపు కార్డుగా చూపిస్తే, హాల్ టికెట్‌తో అక్షరం అక్షరం పోల్చి చూసేవాళ్ళకు అవి రెండు వేర్వేరు పేర్లు.

రెండోది పుట్టిన తేదీ. నేను పుట్టింది 06-03-2007న, అంటే మార్చి 6న. దరఖాస్తులో 03-06-2007 అని పడింది. రోజూ నెలా తారుమారయ్యాయి. సంవత్సరం సరిగానే ఉంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను. వయసు చాలక తేదీ మార్పించుకోవాలని చూసేవాళ్ళు ఉంటారని, అందుకే ఆఫీసులో పుట్టిన తేదీ విషయంలో గట్టిగా ఉంటారని విన్నాను. అది న్యాయమే. కానీ నా విషయంలో రెండు తేదీల్లో ఏది లెక్కేసినా దరఖాస్తు చేసిన రోజుకి పద్దెనిమిదేళ్ళు నిండే ఉన్నాయి. సరైన తేదీ ప్రకారం మార్చి 6కి నిండాయి, తప్పు తేదీ ప్రకారం జూన్ 3కి నిండాయి. కాబట్టి ఈ మార్పు వల్ల నాకు కొత్తగా వచ్చే అర్హత ఏదీ లేదు. నా కాగితాలన్నీ ఒక్కలా ఉండాలన్నదే నా కోరిక.

రుజువుగా టెన్త్ మెమో జత చేస్తున్నాను. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మూడూ ఉన్నాయి. జనన ధ్రువీకరణ పత్రం కూడా పెడుతున్నాను గానీ, అందులో పేరు గడి ఖాళీగా ఉంది. నేను పుట్టినప్పుడు ఇంకా పేరు పెట్టకముందే నమోదు చేయించారు, ఆ తర్వాత ఎవరూ ఎక్కించలేదు. అయినా తల్లిదండ్రుల పేర్లు, తేదీ అందులో స్పష్టంగా ఉన్నాయి కాబట్టి తేదీ వరకు పనికొస్తుందని అనుకుంటున్నాను. ఆధార్ ఒక్కటే పుట్టిన తేదీకి చాలదని అంటారు. అందుకే దాన్ని పేరుకు, అడ్రసుకు మాత్రమే చూపిస్తున్నాను.

ఇంకొక సంగతి. ఆరోగ్యం గురించి ఇచ్చే ఫారం 1 స్వీయ ప్రకటన కూడా ఆ దరఖాస్తు నుంచే ప్రింటయింది కాబట్టి అందులోనూ అవే తప్పులున్నాయి. వివరాలు సరిచేశాక దాన్ని మళ్ళీ ప్రింటు తీసి సంతకం చేసి ఇవ్వమంటే ఇస్తాను. ఫోటో, సంతకం, అడ్రసు, తండ్రి పేరు, ఫోన్ నంబరు అన్నీ సరిగానే ఉన్నాయి. వాటిలో మార్చాల్సింది ఏమీ లేదు.

సారథిలో మేమే సరిచేసుకోవచ్చేమోనని చూశాం. ఫీజు కట్టేసిన తర్వాత పేరు, తేదీ గడులు మార్చడానికి వీలుగా తెరుచుకోవడం లేదు. అందుకే మీ దగ్గరికి రాయాల్సి వచ్చింది. ఎల్‌ఎల్‌ఆర్ ఇదే తప్పుతో వచ్చేస్తే, నెల దాటాక పర్మనెంట్ లైసెన్సుకు వెళ్ళినప్పుడు అవే వివరాలు దాంట్లోకీ వస్తాయి. అప్పుడు సరిచేయించుకోవడం మాకూ కష్టం, ఆఫీసుకూ రెండుసార్ల పని. ఇప్పుడైతే ఇంకా పరీక్షే జరగలేదు.

కాబట్టి దయచేసి 22వ తేదీలోపు నా దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ సరిచేయించమని కోరుతున్నాను. ఒరిజినల్స్ చూడాలంటే ఏ రోజు రమ్మన్నా నాన్నగారితో కలిసి వస్తాను. ఆ తేదీలోపు వీలుకాకపోతే, తప్పు వివరాలతో పరీక్ష రాయించకుండా స్లాట్‌ను మరో రోజుకు మార్చమని మనవి. ఇక ఈ దశలో దరఖాస్తులో మార్పే కుదరదంటే, దీన్ని రద్దు చేసి కొత్తది పెట్టుకోమని రాతపూర్వకంగా చెప్పండి. కట్టిన ఫీజు కొత్త దరఖాస్తుకు వర్తిస్తుందో లేదో కూడా అందులోనే తెలియజేస్తే మేలు. నాన్నగారు కొబ్బరి దింపు పని చేస్తారు. ఫీజు రెండోసారి కట్టాల్సి వస్తే కడతాం గానీ, ముందే తెలిస్తే సర్దుకుంటాం.

పైన రాసినవన్నీ నిజమని, ఇచ్చిన పత్రాలు నావేనని ప్రకటిస్తున్నాను. వీటిలో ఏదైనా అబద్ధమని తేలితే చట్టప్రకారం తీసుకునే చర్యకు నేనే బాధ్యురాలిని.

ఈ విన్నపం రెండు ప్రతులు తెచ్చాను. ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేసి, ముద్ర కొట్టి నాకు తిరిగి ఇప్పించగలరు. సమాచారం దరఖాస్తులో ఉన్న ఫోన్ నంబరుకే తెలియజేయవచ్చు. అది నాన్నగారి దగ్గర ఉంటుంది, పనిలో ఉండి ఎత్తకపోతే సాయంత్రం తిరిగి ఫోన్ చేస్తారు.

ఇట్లు,
విధేయురాలు,
గుత్తుల సాయి లక్ష్మీ ప్రసన్న
(సంతకం)

జతపరిచినవి: దరఖాస్తు రశీదు ప్రింటు (తప్పులున్న చోట పెన్సిల్‌తో గీత గీశాను), ఫీజు రశీదు, స్లాట్ కాగితం, టెన్త్ మెమో, జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్ జిరాక్సులు. జిరాక్సులన్నిటి మీదా నా సంతకం ఉంది.