బొగ్గుల మంట దగ్గర మళ్ళీ

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ ఉదయం మనం చదువుకున్నది యోహాను సువార్త 21వ అధ్యాయం. బైబిళ్ళు మూయకండి. వేలు అక్కడే పెట్టుకుని ఇంకో వేలు 18వ అధ్యాయంలో పెట్టండి. ఈ రెండు చోట్లా ఒక మంట ఉంది. ఆ మంటల గురించే మాట్లాడతాను.

మొదటి మంట ప్రధానయాజకుని ఇంటి ముంగిట్లో ఉంది. చలి రాత్రి. దాసులు, బంట్రౌతులు బొగ్గులతో మంట వేసుకుని చలి కాచుకుంటున్నారు. పేతురు కూడా వాళ్ళతో నిలబడ్డాడు. లోపల యేసును విచారిస్తున్నారు, బయట ఈయన చేతులు కాచుకుంటున్నాడు.

పేతురును అడిగినవాళ్ళు ఎవరో గమనించారా? రోమా సైనికుడు కాదు, కత్తి ఎవరూ దూయలేదు. తలుపు దగ్గర కాపలా ఉన్న ఒక పనిపిల్ల "నువ్వు కూడా ఈయన శిష్యుల్లో ఒకడివి కదా?" అని అడిగింది, అంతే. కొన్ని గంటల ముందే తోటలో ఇదే మనిషి కత్తి దూసి ప్రధానయాజకుని దాసుడు మల్కు చెవి నరికాడు. గుంపు మీదికి వెళ్ళగలిగినవాడు పనిపిల్ల మాటకు తడబడ్డాడు. ధైర్యం అనేది మనం అనుకున్న చోట ఉండదు. మూడోసారి అడిగింది ఆ మల్కు బంధువే: "నువ్వు తోటలో అతనితో ఉండగా నేను చూశాను కదా" అని. మత్తయి ఇంకో సంగతి రాశాడు, పేతురు మాట యాసే ఆయన్ని పట్టించిందట. గలిలయ యాస. ఏ నోటితో కాదన్నాడో ఆ నోరే గుట్టు బయటపెట్టింది. ఒట్టు పెట్టుకుని, శపించుకుని అన్నాడు: ఆ మనుష్యుణ్ణి నేనెరుగను. వెంటనే, ప్రభువు ముందే చెప్పినట్టు, కోడి కూసింది.

నేను కూడా ఒక మాట ఒప్పుకోవాలి. సంఘసేవకు రాకముందు నేను ఒక ఆఫీసులో పని చేసేవాణ్ణి. ఒకరోజు భోజనాల దగ్గర నలుగురు కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళ మీద జోకులు వేస్తున్నారు. ఒకాయన నా వైపు తిరిగి "నువ్వు ఆ బ్యాచ్ కాదు కదా?" అన్నాడు. నేను నవ్వాను. కాదని అనలేదు, అవునని కూడా అనలేదు, నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు ఏ కోడీ కూయలేదు కానీ సాయంత్రం దాకా ముద్ద దిగలేదు. కాబట్టి పేతురును నేను పై నుంచి చూసి మాట్లాడటం లేదు.

లూకా ఇంకో మాట చెప్పాడు. కోడి కూసిన క్షణంలో ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడు. ఆ చూపు ఎలాంటిదో లూకా చెప్పలేదు, నేనూ ఊహించను. పేతురు బయటికి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇప్పుడు రెండో వేలు తీసి 21కి రండి. ప్రభువు లేచాడు. శిష్యులకు కనబడ్డాడు కూడా. అయినా పేతురు అంటాడు: "నేను చేపలు పట్టబోదును." కొందరు దీన్ని వెనక్కి జారిపోవడం అంటారు. నాకలా అనిపించదు. మనసు బాగోలేనప్పుడు మనిషి తనకు చేతనైన పనికి వెళ్తాడు. ఆ రాత్రి అదీ కలిసిరాలేదు, ఒక్క చేపా పడలేదు. తెల్లవారుతుండగా ఒడ్డున ఎవరో నిలబడి, దోనె కుడిపక్క వల వెయ్యమన్నాడు. వేస్తే లాగలేనన్ని. తర్వాత లెక్కపెడితే 153. యోహాను "ప్రభువు సుమి" అన్నాడో లేదో, పేతురు పైబట్ట కట్టుకుని నీళ్ళలోకి దూకేశాడు. దరి సుమారు 200 మూరల దూరం. దోనె వచ్చేదాకా ఆగలేదు. తప్పు చేసినవాడు సిగ్గుతో దూరంగా పోవాలి కదా, ఈయన ఈదుకుంటూ దగ్గరికి పోతున్నాడు. ప్రభువును పట్టించిన యూదాకూ పశ్చాత్తాపం కలిగింది, వెండి నాణేలు కూడా తిరిగి ఇచ్చేశాడు. కానీ ప్రభువు దగ్గరికి వెళ్ళలేదు. ఇద్దరి మధ్య తేడా నాకు అక్కడే కనబడుతుంది.

ఒడ్డుకు చేరితే ఏముంది? బొగ్గుల మంట. దాని మీద చేప, పక్కన రొట్టె. కొత్త నిబంధన మొత్తంలో గ్రీకులో ఈ బొగ్గుల మంట అనే మాట రెండే చోట్ల ఉంది, మీరు వేళ్ళు పెట్టిన ఆ రెండు చోట్లే. ఆ పొగ వాసన తగలగానే పేతురుకు ఏ రాత్రి గుర్తొచ్చి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

అయినా ప్రభువు పిలిచింది భోజనానికే, "రండి, భోజనం చేయండి." తిన్నాకే మాట్లాడాడు. రాత్రంతా కష్టపడి ఖాళీ కడుపుతో ఉన్నవాణ్ణి నిలదీయలేదు.

తర్వాత అడిగాడు. "యోహాను కుమారుడవైన సీమోనూ, వీరికంటె నీవు నన్ను ఎక్కువగా ప్రేమించుచున్నావా?" ఎందుకలా చేశావని అడగలేదు. ఇంకెప్పుడూ చెయ్యనని మాటివ్వమనీ అడగలేదు. మాటివ్వడం పేతురుకు అలవాటే, అందరూ విడిచినా నేను విడవను అన్నది ఆయనే కదా. "వీరికంటె" అన్న మాట సరిగ్గా అక్కడ తగులుతుంది. పేతురు ఈసారి పోల్చుకోలేదు. నేను నిన్ను ప్రేమిస్తున్నానని నీకే తెలుసు అన్నాడు, అంతే. ఇక్కడ ప్రేమకు గ్రీకులో రెండు మాటలు వాడారని చాలా ప్రసంగాలు విని ఉంటారు. యోహాను ఆ రెండు మాటల్ని వేరే చోట్ల కూడా మార్చి మార్చి వాడతాడు, అందుకని నేను దాని మీద పెద్ద మేడ కట్టను. మూడుసార్లు అడిగాడు, నాకది చాలు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. పుండు శుభ్రం చేసేటప్పుడు మంట పుడుతుంది. మెల్లగా చెయ్యడమంటే అసలు ముట్టుకోకపోవడం కాదు.

ప్రతి జవాబుకూ ఒక పని ఇచ్చాడు. నా గొఱ్ఱెపిల్లల్ని మేపు, నా గొఱ్ఱెల్ని కాయి, నా గొఱ్ఱెల్ని మేపు. నేను ఈ రోజు మీ దగ్గరికి తెచ్చిన మాట ఇదే. మనం క్షమించాం అంటాం. తప్పిపోయి తిరిగొచ్చినవాణ్ణి లోపలికి రానిస్తాం, చివరి బెంచీ చూపిస్తాం. సండే స్కూలు పిల్లల్ని మాత్రం అప్పగించం, పాట పాడమనం, కమిటీలో పేరు వస్తే దగ్గుతాం. కొన్ని తప్పుల విషయంలో జాగ్రత్త అవసరమే. ఇంకొకరికి హాని చేసినవాడికి అదే చోటు మళ్ళీ ఇవ్వమని నేననడం లేదు. కానీ పేతురు చేసింది పిరికితనం. పిరికివాళ్ళను జీవితాంతం చివరి బెంచీలో ఉంచితే ముందు బెంచీలు ఖాళీ అయిపోతాయి, నా కుర్చీతో సహా. ప్రభువు తనకు అన్నిటికంటే విలువైన మందను, కోడి కూత ఇంకా చెవుల్లో ఉన్నవాడి చేతిలో పెట్టాడు.

కొద్ది వారాల తర్వాత పేతురు, ఆ రాత్రి యేసును విచారించిన పెద్దల ముందే నిలబడ్డాడు. అపొస్తలుల కార్యములు 4 చూడండి, ప్రధానయాజకుడు అన్న ఉన్నాడు, కయప ఉన్నాడు. ఆ రాత్రి ముంగిట్లో పనిపిల్ల "నువ్వూ యేసుతో ఉన్నావు" అంటే కాదన్నాడు. ఇప్పుడు ఆ సభవాళ్ళు ఈయన ధైర్యం చూసి ఆశ్చర్యపడి, వీళ్ళు యేసుతో ఉన్నవాళ్ళని గుర్తుపట్టారని రాసి ఉంది. ఈసారి పేతురు కాదనలేదు.

తలలు వంచుదాం. ప్రభువా, ఈ వారం మేము నోరు మూసుకున్న చోట్లు నీకు తెలుసు. తిరిగి రావడానికి సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు మాలో ఎవరో కూడా నీకు తెలుసు. ఈ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళడానికి మమ్మల్ని పంపు. ముందు వాళ్ళతో కూర్చుని భోజనం చేసే ఓపిక ఇవ్వు. ఆమేన్.